పరిచయం లేని నిపుణురాలికి సలహా కోరుతూ రాసే సందేశం ఎలా ఉండాలి?

ప్రశ్న: నేను మందుల తయారీ సంస్థలో క్వాలిటీ కంట్రోల్, అంటే క్యూసీ విభాగంలో నాలుగేళ్లుగా పని చేస్తున్నాను. మందు నాణ్యత కాలంతో పాటు నిలుస్తుందో లేదో చూసే స్టెబిలిటీ నమూనాల పరీక్షలు నా పని. ఏడాదిన్నరగా ఆ ఫలితాల పట్టికలు తయారు చేసి, మందులకు అనుమతుల పని చూసే మా రెగ్యులేటరీ విభాగానికి ఇస్తున్నాను. అటువైపు మారాలని ఉంది. అందుకు ఏడాది డిప్లొమా చేయాలంటారు కొందరు, అక్కర్లేదంటారు కొందరు. చేరడానికి వచ్చే నెలే గడువు. లింక్‌డ్‌ఇన్‌లో ఒక మేడమ్ తెలుగులో పోస్టులు రాస్తారు. ఆమె కూడా ల్యాబ్ నుంచే రెగ్యులేటరీకి వెళ్లారు. అనుమతి ఇచ్చే సంస్థలు దరఖాస్తులో లోపాలు ఎత్తిచూపుతూ పంపే డెఫిషియెన్సీ ప్రశ్నల గురించి ఆమె రాసిన పోస్టు నాకు ఎంతో ఉపయోగపడింది. ఆమెను సలహా అడగాలని ఈ సందేశం రాసుకున్నాను, కానీ పంపలేకపోతున్నాను. లోలోపల ఆమె సంస్థలో ఖాళీ ఉంటే చెబుతారేమో అన్న ఆశ కూడా ఉంది. దీన్ని ఎలా మార్చాలో చెప్పండి.

"నమస్కారం మేడమ్. మీరు చాలా బిజీగా ఉంటారని తెలుసు. మీ సమయం వృథా చేస్తున్నందుకు ముందే క్షమించమని కోరుతున్నాను. నేనెవరో మీకు తెలియదు. క్యూసీలో పని చేసే ఒక సాధారణ ఉద్యోగిని. రెగ్యులేటరీ వైపు రావాలని ఆశ, కానీ నాకంత అర్హత ఉందో లేదో తెలియదు. మీకు వీలైతేనే, ఏదైనా సలహా ఇవ్వగలరా? ఇవ్వకపోయినా పర్వాలేదు. తప్పుగా అనుకుంటే మన్నించండి. ధన్యవాదాలు మేడమ్."
— పేరు రాయవద్దన్న పాఠకురాలు

జవాబు: మీ సందేశంలో మొదటి నమస్కారాన్నీ చివరి ధన్యవాదాలనూ పక్కన పెడితే ఎనిమిది వాక్యాలు మిగులుతాయి. వాటిలో అయిదు క్షమాపణకూ, వెనక్కి తగ్గడానికీ సరిపోయాయి. రెండు మీ గురించి చెబుతున్నాయి గాని, ఆ రెండింటిలోనూ మీరు ఏ పని చేస్తారో లేదు. ప్రశ్న అనదగినది ఒక్కటే, అందులోనూ ఏ విషయం మీద సలహా కావాలో లేదు. నాకు మీరు రాసిన ఉత్తరం మాత్రం ఇలా లేదు. నాలుగేళ్ల అనుభవం, పట్టికలు, డిప్లొమా, వచ్చే నెల గడువు, ఆ మేడమ్ కూడా ల్యాబ్ నుంచే వెళ్లారన్న సంగతి, ఆమె పోస్టు మీకు పనికివచ్చిన తీరు అన్నీ అందులో ఉన్నాయి. అంటే మంచి సందేశానికి కావలసిన సరుకంతా మీ దగ్గర ఉంది. ఆమెకు రాసేటప్పుడు బిడియం దాన్నంతా బయటికి నెట్టేసి, ఆ చోట్లో మన్నింపులను నింపింది.

మీ స్వభావాన్ని మార్చుకొని చొరవగా రాయమని నేను చెప్పను. ఎదుటివారి సమయం విలువైనదన్న మీ ఆలోచన సరైనదే. దాన్ని చూపవలసిన చోటు మాత్రం వేరు. ఆమె పరిస్థితిని ఒకసారి ఊహించండి. రెండు పనుల మధ్య ఫోనులో మీ సందేశం తెరుస్తారు. మీరు క్షమాపణ అడిగారు కాబట్టి "అయ్యో, ఇబ్బందేమీ లేదు" అని మిమ్మల్ని సముదాయించడం ఆమెకు మొదటి పని అవుతుంది. మీకు ఏమి కావాలో ఊహించడం రెండోది. ఊహించిన దానికి జవాబు రాయడం మూడోది. ఆమెకు శ్రమ తగ్గించాలన్న ఉద్దేశంతో రాసిన మాటలే ఆమె శ్రమను పెంచుతున్నాయి. మూడు నిమిషాల్లో జవాబు చెప్పగలిగేంత చిన్న ప్రశ్న అడగడమే ఆమె సమయానికి మీరు ఇవ్వగల నిజమైన గౌరవం. ప్రశ్నను అంత చిన్నగా, స్పష్టంగా చెక్కుకునే శ్రమ మీరు ముందుగానే పడాలి.

ఇంకొక సంగతి కూడా గమనించండి. సందేశాల జాబితాలో మొదటి కొన్ని మాటలే బయటికి కనిపిస్తాయి. మీ సందేశంలో అలా కనిపించేది "నమస్కారం మేడమ్. మీరు చాలా బిజీగా..." అన్న భాగమే. ఏదో అమ్మడానికి రాసేవారి సందేశాలు కూడా చాలావరకు ఇలాగే మొదలవుతాయి కాబట్టి, మీది తెరవకుండానే పక్కకు పోయే ప్రమాదం ఉంది. ఎందుకు రాస్తున్నారో మొదటి వాక్యంలోనే తెలియాలి. అలాగే "తప్పుగా అనుకుంటే మన్నించండి" అన్న వాక్యం, తప్పుగా అనుకోవడానికి ఇందులో ఏదో ఉందేమోనన్న అనుమానాన్ని మీరే పుట్టించినట్టు చేస్తుంది. "నాకంత అర్హత ఉందో లేదో తెలియదు" అన్నదాన్ని కూడా తీసేయండి. మీ పని ఏమిటో రాస్తే అర్హత సంగతి ఆమే తేల్చుకుంటారు. పైగా మీ ప్రశ్నలో అసలు సందేహం అదే కాబట్టి, దాన్ని ప్రశ్నగానే అడగవచ్చు.

ఇక ప్రశ్న విషయానికి వద్దాం. సందేశమంతా దీని మీదే నిలబడుతుంది కాబట్టి ఇక్కడ కొంచెం ఆగి ఆలోచించాలి. "ఏదైనా సలహా ఇవ్వగలరా" అంటే ఏమి చెప్పాలో ఎంచుకునే బరువు ఆమె మీద పడుతుంది. దాన్ని "రెగ్యులేటరీలోకి ఎలా రావాలి?" అని మారిస్తే విషయం తెలుస్తుంది గాని, దానికి జవాబు రాయాలంటే ఒక పెద్ద వ్యాసమే కావాలి. అంత రాసే తీరిక లేనివారు "తరువాత చూద్దాం" అని పక్కన పెడతారు, ఆ తరువాత మరిచిపోతారు. పోనీ "డిప్లొమా చేయాలా?" అని అడిగారనుకోండి. అప్పుడు ప్రశ్న చిన్నదే, కానీ మీ గురించి ఏమీ తెలియనివారు దానికి "చేస్తే మంచిదే" అని తప్ప ఇంకేమీ చెప్పలేరు. ఆ మాట మీకు ఇప్పటికే కొందరు చెప్పారు. ఆమె నోట మళ్లీ వింటే కొత్తగా తెలిసేది ఏమీ ఉండదు.

ప్రశ్న పదునుగా ఉందో లేదో తెలుసుకోవడానికి నేను రెండు సంగతులు చూస్తాను. ఈ ప్రశ్నకు జవాబు ఈ మనిషి అనుభవం ఉన్నవారే చెప్పగలరా అన్నది ఒకటి. వచ్చిన జవాబును బట్టి నేను చేయబోయే పని మారుతుందా అన్నది రెండోది. కోర్సు పాఠ్యాంశాలు, ఫీజు, వ్యవధి వంటివి ఆ విద్యాసంస్థ పేజీలోనే దొరుకుతాయి కాబట్టి అవి ఆమెను అడగవలసినవి కావు. రెగ్యులేటరీలో మొదటి ఉద్యోగానికి మనుషులను ఎంపిక చేసేటప్పుడు, మీ వంటి ల్యాబ్ అనుభవాన్ని లోపలివారు ఎలా తూకం వేస్తారన్నది ఏ పేజీలోనూ ఉండదు. అది ఆమెకు తెలుసు. వచ్చే నెల మీరు కోర్సులో చేరడం, చేరకపోవడం దాని మీదే ఆధారపడి ఉంది. కాబట్టి మీరు అడగవలసిన ప్రశ్న ఇదే.

మీ అనుభవాన్ని కూడా ఆ ప్రశ్నకు అతికేలా చెప్పాలి. మందుకు అనుమతి కోరుతూ చాలా దేశాల్లో సమర్పించే పత్రాల సంపుటి, అంటే సీటీడీ డోసియర్‌లో అయిదు మాడ్యూళ్లు ఉంటాయి. వాటిలో 3వది క్వాలిటీకి సంబంధించినది, స్టెబిలిటీ సమాచారం చేరేది అందులోనే. మీరు తయారు చేసి ఇచ్చే పట్టికలు వెళ్లేది అక్కడికేనని ఒకసారి నిర్ధారించుకోండి. అక్కడికే అయితే మీ పనికి "క్యూసీలో సాధారణ ఉద్యోగిని" అనడం కన్నా "3వ మాడ్యూల్‌కు వెళ్లే స్టెబిలిటీ పట్టికలు తయారు చేస్తున్నాను" అనడమే సరైన వర్ణన. ఇది గొప్పలు చెప్పుకోవడం కాదు. రెగ్యులేటరీలో పని చేసే మనిషికి మొదటి మాట ఏమీ చెప్పదు, రెండో మాట మీరు ఆమె పనికి ఎంత దగ్గరలో ఉన్నారో వెంటనే చెబుతుంది.

ఆమె పోస్టు గురించి రాసేటప్పుడు కూడా "మీ పోస్టులు చాలా బాగుంటాయి" అనవద్దు. చదవకపోయినా ఆ మాట రాయవచ్చని ఆమెకు తెలుసు. ఆ పోస్టు చదివాక మీ పనిలో ఏమి మారిందో ఒక్క వాక్యంలో చెప్పండి. అది మీకు ఎలా పనికివచ్చిందో మీరు నాకు రాయలేదు కాబట్టి నేను ఒక ఉదాహరణ తీసుకుంటున్నాను, మీ నిజమైన అనుభవంతో దాన్ని మార్చుకోండి. స్టెబిలిటీ పట్టికల్లో కొలిచి చెప్పగలిగిన పరీక్షలకు "కంప్లైస్", అంటే ప్రమాణానికి సరిపోయింది అని రాసి వదిలేయకుండా, వచ్చిన అంకెలనే చూపమని అనుమతి ఇచ్చే సంస్థలు అడగడం మామూలే. మీరు ఆ సంగతి ఆ పోస్టు వల్లే గ్రహించారని అనుకుందాం. ఇప్పుడు సందేశం ఇలా రాయవచ్చు.

"నమస్కారం మేడమ్. క్యూసీ నుంచి రెగ్యులేటరీకి మారడం గురించి మిమ్మల్ని ఒక ప్రశ్న అడగాలని రాస్తున్నాను.

నేను నాలుగేళ్లుగా స్టెబిలిటీ నమూనాల పరీక్షలు చేస్తున్నాను. ఏడాదిన్నరగా 3వ మాడ్యూల్‌కు వెళ్లే స్టెబిలిటీ పట్టికలు కూడా తయారు చేసి మా రెగ్యులేటరీ విభాగానికి ఇస్తున్నాను. డెఫిషియెన్సీ ప్రశ్నల మీద మీరు రాసిన పోస్టు చదివాకే, పట్టికలో 'కంప్లైస్' అని రాయకుండా అంకెలే ఎందుకు చూపాలో నాకు అర్థమైంది.

మీరు కూడా ల్యాబ్ నుంచే వెళ్లారని మీ ప్రొఫైల్‌లో చూశాను. రెగ్యులేటరీలో మొదటి ఉద్యోగానికి ఎంపిక చేసేటప్పుడు ఇటువంటి పట్టికల అనుభవాన్ని లెక్కలోకి తీసుకుంటారా, లేక ముందు డిప్లొమా ఉండాలని చూస్తారా? ఒక ఏడాది కోర్సులో చేరాలా వద్దా అని వచ్చే నెలలో నేను తేల్చుకోవాలి.

రెండు మూడు వాక్యాల్లో చెప్పినా నాకు చాలు. ధన్యవాదాలు."

చివర మీ పేరు ఉంటుంది. ఈ సందేశంలో ఒక్క క్షమాపణ కూడా లేదు, అయినా ఎక్కడా అమర్యాద కనిపించదు. "మేడమ్" అన్న పిలుపు ఉంచాను, ఎందుకంటే మీ రంగంలో పెద్దవారిని అలాగే పిలుస్తారు, మీకూ అది సహజంగా వస్తుంది. "ఇవ్వకపోయినా పర్వాలేదు" అన్నదాని స్థానంలో "రెండు మూడు వాక్యాల్లో చెప్పినా చాలు" అన్నది వచ్చింది. రెండూ ఆమె మీద భారం తగ్గించాలని రాసినవే అయినా, మొదటిది జవాబు ఇవ్వకుండా ఉండేందుకు దారి చూపితే, రెండోది జవాబు ఇవ్వడాన్ని తేలిక చేస్తుంది. గడువు గురించిన వాక్యం కూడా ఆలోచించి పెట్టినదే. మీరు ఊరికే అడగడం లేదని, నిజంగా ఒక నిర్ణయం ముందు నిలబడి ఉన్నారని అది చెబుతుంది. అయితే "ఫలానా తేదీలోగా చెప్పండి" అని మాత్రం రాయవద్దు. గడువు మీదే గాని ఆమెది కాదు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. మీ పని నిజంగా జరుగుతోందని నమ్మకం కలిగించాలన్న తాపత్రయంలో మందు పేరు, ఏ సంస్థ కోసం చేస్తున్నారు, ఫలితం ఎక్కడ తప్పింది, మీ సంస్థకు ఏ డెఫిషియెన్సీ ప్రశ్నలు వచ్చాయి వంటి వివరాలు రాయవద్దు. అవి మీ సంస్థ రహస్యాలు. అంతకన్నా ముఖ్యంగా, రెగ్యులేటరీ పని అంతా ఏ సమాచారం ఎవరికి ఎంత చెప్పాలన్న విచక్షణ మీద నడుస్తుంది కాబట్టి, మొదటి సందేశంలోనే అటువంటి వివరం బయటపెట్టిన మనిషి మీద ఆమెకు మంచి అభిప్రాయం కలగదు. పని రకం చెబితే చాలు. పట్టిక నమూనా, రెజ్యూమె వంటివి కూడా మొదటిసారి జతచేయవద్దు. ఆమె కావాలనుకుంటే మీ ప్రొఫైల్ తెరిచి చూస్తారు, తప్పకుండా చూస్తారనే అనుకోండి. కాబట్టి సందేశం పంపే ముందు ప్రొఫైల్‌లో మీ పని వివరణ కూడా ఈ సందేశంతో సరిపోయేలా దిద్దుకోండి. సందేశంలో స్టెబిలిటీ పట్టికలని రాసి, ప్రొఫైల్‌లో ఒక్క "అనలిస్ట్" అన్న మాటే ఉంటే, చెప్పినదానికి ఆధారం కనిపించక ఆమె తటపటాయించవచ్చు.

ఆమె సంస్థలో ఖాళీ గురించి మీకున్న ఆశ తప్పేమీ కాదు, కానీ దాన్ని సలహా అనే మాట వెనుక దాచడం మంచిది కాదు. మీ ముందు రెండు దారులు ఉన్నాయి. సలహా మాత్రమే అడిగి, అక్కడితో ఆగడం మొదటిది. దీనికి జవాబు వచ్చే అవకాశం ఎక్కువ, ఎందుకంటే చెప్పడానికి ఆమెకు ఎవరి అనుమతీ అక్కరలేదు, మీ పని తీరుకు పూచీ పడవలసిన అవసరమూ లేదు. కాని ఆమె తనంతట తాను ప్రస్తావిస్తే తప్ప ఉద్యోగం మాట రాదు. ఆమె సంస్థ ఇప్పుడే ఒక పోస్టు ప్రకటించి ఉంటే, దాని పేరు చెప్పి నేరుగా "దీనికి దరఖాస్తు చేయాలనుకుంటున్నాను, ల్యాబ్ అనుభవం ఉన్నవారిని దీనికి చూస్తారా?" అని అడగడం రెండోది. ఇదీ నిజాయితీ గల ప్రశ్నే. అయితే ఆమె ఆ ఎంపికలో భాగమైతే జవాబు చెప్పలేకపోవచ్చు, భాగం కాకపోయినా ముక్కూమొహం తెలియని మనిషిని సిఫారసు చేయమంటారేమోనని వెనకాడవచ్చు. ఈ రెండింటిలో ఏదో ఒకటి ఎంచుకోండి. సలహా అని మొదలుపెట్టి, ఆమె జవాబు ఇచ్చిన మరుక్షణం రెజ్యూమె పంపితే, ఆమె ఇచ్చిన సలహా మీకు అవసరమే లేదన్నట్టు అవుతుంది. మీ గడువు కోర్సు గురించే కాబట్టి, ఇప్పటికి మొదటి దారే మీకు నప్పుతుందని నా అభిప్రాయం.

ఈ సందేశాన్ని ఆమెకు చేర్చడంలో చిన్న చిక్కు ఒకటి ఉంది. లింక్‌డ్‌ఇన్‌లో పరస్పరం కనెక్షన్ లేనివారికి ఉచిత ఖాతా నుంచి మామూలుగా పూర్తి సందేశం పంపలేము. కనెక్షన్ అభ్యర్థనతో పాటు ఒక చిన్న నోటు మాత్రమే పంపగలము. ఆ నోటుకు ఉచిత ఖాతాలో 200 అక్షరాల పరిమితి ఉంటుంది, ఇటువంటి నోట్లు నెలకు కొన్ని మాత్రమే పంపనిస్తారు. తెలుగులో రాసేవారికి ఈ లెక్క ఇంకా ఇరుకు, ఎందుకంటే కంప్యూటరు మన గుణింతాన్నీ ఒత్తునూ విడివిడిగా లెక్కిస్తుంది. మన కంటికి ఒక్క అక్షరంగా కనిపించే "స్త్రీ" దాని లెక్కలో ఆరు. అందుచేత పై సందేశాన్ని కుదించి నోటులో పట్టించాలని చూడకండి, అది అటూ ఇటూ కాకుండా పోతుంది. నోటుకు ఒకే పని అప్పగించండి, మీరు ఎవరో, ఎందుకు కలవాలనుకుంటున్నారో చెప్పడం. ఇదిగో, ఇది ఖాళీలతో కలిపి 160 దగ్గర ఆగుతుంది.

"నమస్కారం మేడమ్. నేను నాలుగేళ్లుగా క్యూసీలో ఉన్నాను, రెగ్యులేటరీ వైపు రావాలనుకుంటున్నాను. మీరూ ల్యాబ్ నుంచే వచ్చారు కదా. ఆ మార్పు గురించి ఒక ప్రశ్న అడగాలని ఉంది."

ఆమె అభ్యర్థనను అంగీకరిస్తే, అదే రోజో మరునాడో పూర్తి సందేశం పంపండి. బిడియం ఉన్నవారు తరచుగా ఆగిపోయేది ఇక్కడే. అంగీకరించగానే భయపడి వారం రోజులు ఊరుకుంటారు, ఈలోగా ఆ నోటు సంగతే ఆమె మరిచిపోతారు. పూర్తి సందేశాన్ని ముందే రాసి పెట్టుకుంటే ఆ ఇబ్బంది ఉండదు. డబ్బు కట్టే ఖాతా ఉంటే ఇన్‌మెయిల్ ద్వారా మొదటే పూర్తి సందేశం పంపవచ్చు గాని, ఈ ఒక్క ప్రశ్న కోసం దానికి డబ్బు ఖర్చు పెట్టవలసిన అవసరం నాకు కనిపించడం లేదు. ఒకే గ్రూపులో ఇద్దరూ సభ్యులైతే, దాని ద్వారా కనెక్షన్ లేకుండానే సందేశ అభ్యర్థన పంపే వీలుంది, అది కూడా చూడండి. మీ ఇద్దరికీ తెలిసినవారు ఎవరైనా ఉంటే వారి చేత పరిచయం చేయించుకోవడం అన్నింటికన్నా బలమైన దారి, కానీ అప్పుడు మీరు మారాలనుకుంటున్న సంగతి మూడో మనిషికి తెలుస్తుంది. ఆ మనిషి మీ సంస్థలోనే ఉంటే బాగా ఆలోచించుకోండి.

సందేశానికి ముందు ఆమె పోస్టు కింద ఒక వ్యాఖ్య రాయడం కూడా ఒక పద్ధతే. మీ పేరు ఆమె కళ్లకు ఒకసారి పడి ఉంటుంది, తరువాత వచ్చే అభ్యర్థన పూర్తిగా కొత్తగా అనిపించదు. కానీ నలుగురిలో రాయడం మీకు సందేశం పంపడం కన్నా కష్టమనిపిస్తే దీన్ని వదిలేయండి. దాని కోసం ధైర్యం కూడగట్టుకుంటూ కోర్సు గడువును దాటనివ్వడంలో అర్థం లేదు.

ఇక జవాబు రాకపోతే ఎలాగన్న భయం. దీని గురించి పరిశోధనలు చెప్పేది మీకు కొంత పనికివస్తుంది. వెనెస్సా బోన్స్ అనే సామాజిక మనస్తత్వ శాస్త్రవేత్త పాలుపంచుకున్న రెండు అధ్యయనాలు ఉన్నాయి. 2008లో వచ్చినదానిలో, ముక్కూమొహం తెలియనివారిని ఎదురుగా నిలబడి చిన్న సాయం అడగవలసినవారు, అయిదుగురు ఒప్పుకోవాలంటే సుమారు 20 మందిని అడగాలని ముందుగా అంచనా వేశారు. నిజానికి పది మంది దగ్గరే ఆ పని అయిపోయింది. అంటే మనుషులు సాయం చేయరని మనం అనవసరంగా భయపడతాం. 2017లో వచ్చినదానిలో మాత్రం ఈమెయిల్‌కు వచ్చేసరికి ఇది తారుమారైంది. అడిగినవారు ఈమెయిల్‌కూ దాదాపు అంతే స్పందన వస్తుందని ఆశించారు, కానీ ఒప్పుకున్నవారు బహు కొద్దిమంది. రెండూ కలిపి చూస్తే మీకు అర్థమయ్యేది ఏమిటంటే, రాతలో అడిగినదానికి మౌనం రావడం మామూలే, దానికి ఎక్కువ భాగం కారణం ఆ మాధ్యమమే. కాబట్టి ఆమె ఒక్కరి మీదే ఆశ పెట్టుకోవద్దు. ల్యాబ్ నుంచి రెగ్యులేటరీకి వెళ్లినవారిని ఇంకో నలుగురిని చూసుకోండి. ఒక్కొక్కరికీ రెండో పేరాలో వారి పని గురించిన వాక్యాన్ని మార్చి ఇదే ప్రశ్న పంపండి. ఆ వాక్యం మార్చకుండా అందరికీ ఒకే సందేశం పంపితే మాత్రం చదివినవారు ఇట్టే పట్టేస్తారు.

పది రోజులు చూసి ఒక్కసారి గుర్తుచేయవచ్చు. "మేడమ్, పైన అడిగిన ప్రశ్న మీ దృష్టికి రాలేదేమోనని మరోసారి రాస్తున్నాను. అవును, కాదు అని ఒక్క మాట చెప్పినా నాకు ఉపయోగమే" అంటే చాలు. ఆ తరువాత మూడోసారి రాయవద్దు. అసలు కనెక్షన్ అభ్యర్థననే ఆమె అంగీకరించకపోతే, దాన్ని వెనక్కి తీసుకొని మళ్లీ పంపుదామన్న ఆలోచన రావచ్చు. ఒకసారి వెనక్కి తీసుకుంటే అదే మనిషికి మళ్లీ పంపడానికి మూడు వారాల వరకు వీలుండదు, ఈలోగా మీ గడువు దగ్గరపడుతుంది. దాన్ని అలాగే ఉండనిచ్చి తక్కినవారి వైపు చూడండి.

మీ ఉత్తరం చదువుతున్నప్పుడు నాకు మరొక దారి కూడా కనిపించింది. మీ పట్టికలను అందుకునే రెగ్యులేటరీ విభాగం మీ సంస్థలోనే ఉంది కదా. వారు మీకు పరాయివారు కారు. మారాలనుకుంటున్న సంగతి అక్కడ చెబితే మీ పై అధికారి చెవిన పడుతుందని మీరు వెనకాడుతూ ఉండవచ్చు, ఆ భయం న్యాయమైనదే. కానీ ఆ సంగతి బయటపెట్టకుండానే అడగగల ప్రశ్న ఒకటి ఉంది. "నేను ఇచ్చే పట్టికల్లో మీరు ఎక్కువగా ఏమి దిద్దవలసి వస్తోంది? నేను ముందే ఎలా ఇస్తే మీకు పని తగ్గుతుంది?" అని అడగండి. ఇది మీ ప్రస్తుత ఉద్యోగంలో భాగంగానే వినిపిస్తుంది. వచ్చే జవాబు మీరు నేర్చుకోవలసినదేమిటో తేటగా చెబుతుంది, ఆ మేడమ్‌కు రాసే ప్రశ్నను ఇంకా పదును పెడుతుంది. ఒకే సంస్థలో విభాగం మారడానికి మీ పని తెలిసినవారు పక్కనే ఉండడం పెద్ద అనుకూలత. కాబట్టి కోర్సు సంగతి ఎలా తేలినా ఈ సంభాషణ మొదలుపెట్టండి.

ఆమె జవాబు ఇస్తే, అది మీరు ఆశించినట్టు లేకపోయినా, అదే రోజు ధన్యవాదాలు చెప్పండి. అక్కడే వెంటనే రెండో ప్రశ్న వేయవద్దు. ఆమే "ఫోనులో మాట్లాడదాం" అంటే ఒప్పుకోండి. రాతలో రెండు వాక్యాల్లో తేలని సంగతులు పావుగంట మాటల్లో తేలతాయి. ఫోనులో తడబడతానని భయంగా ఉంటే, మూడు ప్రశ్నలు కాగితం మీద రాసుకొని ఎదురుగా పెట్టుకోండి. ఆ పావుగంట అయిపోగానే మీరే "మీరు ఇచ్చిన పావుగంట అయిందండీ" అని ముగించండి. కోర్సులో చేరారో లేదో, ఎందుకో, ఆ నిర్ణయం తీసుకున్న రోజున ఆమెకు రెండు వాక్యాల్లో తెలియజేయండి. సలహా అడిగినవారిలో చాలామంది ఆ తరువాత ఏమి జరిగిందో చెప్పరు. మీరు చెబితే, ఆరు నెలల తరువాత మీకు మరో ప్రశ్న వచ్చినప్పుడు మళ్లీ "నేనెవరో మీకు తెలియదు" అని మొదలుపెట్టవలసిన అవసరం రాదు.